1971లో మనం ఏ చట్టం చూపించి ఢాకా దాకా వెళ్లాం? (కర్నూలులో న్యాయ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడినవాళ్లు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్లు కూడా ఈ వైపే తిరుగుతున్నాయి.

నన్ను మాట్లాడమన్న అంశం అంతర్జాతీయ చట్టంలో బలప్రయోగం. పెద్ద అంశం. దాన్నంతా గంటలో చెప్పాలంటే ఆర్టికల్ నంబర్లు చదివి దిగిపోవాలి, మీరూ నోట్స్ రాసుకుని పరీక్ష అయ్యాక మర్చిపోతారు. అందుకని ఒక్క కేసు పట్టుకుంటా. అది మన కేసే. 1971. పాఠ్యపుస్తకంలో మనం దాన్ని గెలుపుగా చదువుకున్నాం, లొంగుబాటు ఫొటో చూసుకున్నాం, తొంభై మూడు వేల మంది యుద్ధ ఖైదీలు అని లెక్క చెప్పుకున్నాం. కానీ ఒక లాయరుగా ఆ ఫైలు తెరిచి, అసలు మనం ఏ హక్కుతో సరిహద్దు దాటాం అని ఎప్పుడైనా అడిగారా? ఆ రోజుల్లో ఐక్యరాజ్యసమితిలో మన తరఫున ఏం వాదించారు, వింటున్న దేశాలు ఏం చేశాయి, అది చూద్దాం.

ముందు రూలు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో ఆర్టికల్ 2, నాలుగో క్లాజు. ఏ దేశమూ ఇంకో దేశపు భూభాగ సమగ్రత మీద గానీ, రాజకీయ స్వాతంత్ర్యం మీద గానీ బలం వాడకూడదు, వాడతానని బెదిరించనూ కూడదు, ఐరాస లక్ష్యాలకు విరుద్ధంగా మరే విధంగానూ వాడకూడదు. ఇందులో తెలివైన లాయరుకు ఒక సందు కనిపిస్తుంది. "నేను వాళ్ల భూమి లాక్కోవడం లేదు, వాళ్ల ప్రభుత్వాన్ని మింగడం లేదు, జనాన్ని కాపాడి తిరిగి వచ్చేస్తా, అలాంటప్పుడు ఈ నిషేధం నాకెందుకు తగులుతుంది?" అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ 'భూభాగ సమగ్రత' మాటలు శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశంలో ఎందుకు చేరాయో చూస్తే ఆ వాదన నిలవదు. చిన్న దేశాలు భయపడి, మాకు గట్టి హామీ కావాలని పట్టుబడితే చేర్చారు. నిషేధాన్ని బిగించడానికి పెట్టిన మాటల్ని వదులు చేయడానికి వాడుకోవడం కుదరదు కదా. ఎక్కువమంది పండితులు ఈ వాదనను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

మినహాయింపులు రెండే. ఒకటి, భద్రతా మండలి స్వయంగా అనుమతి ఇవ్వడం. రెండోది ఆర్టికల్ 51, అంటే సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ. ఆ ఆత్మరక్షణ కూడా మండలి రంగంలోకి దిగి చర్యలు తీసుకునే దాకానే, పైగా చేసినదాన్ని వెంటనే మండలికి రిపోర్టు చేయాలి.

మీలో క్రిమినల్ లా చదివినవాళ్లు దీన్ని సులభంగా పట్టుకుంటారు. గట్టు తగాదాలో అవతలివాడు కత్తి ఎత్తితే మీరు కర్ర ఎత్తొచ్చు, కానీ పోలీస్ స్టేషన్‌కు పోయి కాపాడమని అడిగే టైము ఉన్నప్పుడు మీకు ఆ హక్కు లేదని పాత ఐపీసీ 99లో ఉండేది, ఇప్పుడు బీఎన్‌ఎస్ 37లో ఉంది. చార్టర్ రాసినవాళ్ల ఆలోచన కూడా అలాంటిదే. తేడా ఎక్కడంటే, ఈ స్టేషన్లో అయిదుగురు అధికారులున్నారు, వాళ్లలో ఏ ఒక్కరు వద్దన్నా ఎఫ్‌ఐఆర్ కట్టరు. (నవ్వులు) నవ్వండి, కానీ 1971లో సరిగ్గా అదే జరిగింది. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పుడు ఆ వీటో పడింది మన కోసం.

కథలోకి వస్తా. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్‌కు పాకిస్తాన్ జాతీయ అసెంబ్లీలో మెజారిటీ వచ్చింది, అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం విరుచుకుపడింది. ఆ తర్వాత నెలల్లో మన సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు దాదాపు కోటి మంది. పశ్చిమ బెంగాల్, త్రిపుర, మేఘాలయ, అస్సాంలో శిబిరాలు. త్రిపురలో అయితే స్థానిక జనాభాకు దగ్గరగా వచ్చేసింది శరణార్థుల సంఖ్య.

ఇప్పుడు మీరు ఢిల్లీలో విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు అనుకోండి. జూన్ నెల. ప్రధాని అడుగుతారు, సైన్యాన్ని పంపొచ్చా? మీ ముందున్న చార్టర్ ఏమంటుంది? మండలి అనుమతి లేదు, వచ్చే అవకాశమూ లేదు, ఎందుకంటే వీటో చేతిలో ఉన్న అమెరికా పాకిస్తాన్ వైపే ఉంది. మన మీద సాయుధ దాడి జరిగిందా? సైన్యం వచ్చి పడలేదు, మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. అంటే రెండు తలుపులూ మూసి ఉన్నాయి. ఎదురుగా మాత్రం ఊచకోత జరుగుతోంది.

ఈ ఇరుకులోంచి మన వాదన ఒకటి పుట్టింది. ఐరాసలో మన ప్రతినిధి సమర్ సేన్ దాన్ని గట్టిగా వాదించారు. సారాంశం ఇది: ఒక దేశం తన జనాన్నే కోటి మందిని తరిమి పక్క దేశం మీదకు తోసేస్తే, ఆ పక్క దేశపు ఆర్థిక వ్యవస్థ, సమాజం కుదేలైతే, అది కూడా దురాక్రమణ కాదా, యుద్ధం ప్రకటించి చేసే దురాక్రమణకూ దీనికీ తేడా ఏముంది? 'శరణార్థుల రూపంలో దురాక్రమణ' అన్నమాట. నాకు ఈ వాదన విన్నప్పుడల్లా ఆ లాయరు మీద గౌరవం పెరుగుతుంది. కానీ కోర్టులో నిలబడుతుందా అంటే, నిలబడదు. ఆర్టికల్ 51 అడిగేది సాయుధ దాడి. భారం ఎంత భయంకరమైనదైనా అది సాయుధ దాడి కాదు. దీన్ని ఒప్పుకుంటే రేపు ప్రతి దేశమూ సరిహద్దులో వలస కూలీల గుంపును చూపించి ట్యాంకులు పంపొచ్చు.

మనవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే మొదటి నెలల్లో సైన్యం నేరుగా దిగలేదు, బెంగాలీ తిరుగుబాటు దళమైన ముక్తి వాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చాం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే దీని మీద తర్వాత పెద్ద తీర్పు వచ్చింది. 1986లో నికరాగువా కేసు. అమెరికా కాంట్రాలనే తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి, శిక్షణ ఇచ్చి నికరాగువా మీదకు పంపింది, హార్బర్లలో మైన్లు పెట్టింది. ఎల్ సాల్వడార్ తిరుగుబాటుదారులకు నికరాగువా ఆయుధాలు పంపుతోంది కాబట్టి మేం చేసింది ఆత్మరక్షణే అంది. అంతర్జాతీయ న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఆ కోర్టు గీసిన గీత మీరు గుర్తుపెట్టుకోవాలి. ఇంకో దేశంలోని తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం నిషిద్ధ బలప్రయోగమే. కానీ ఆయుధాలు అందించినంత మాత్రాన అది సాయుధ దాడి అయిపోదు. అంటే బలప్రయోగం అన్నది పెద్ద వలయం, సాయుధ దాడి అందులో లోపలి చిన్న వలయం. పెద్ద వలయంలోకి వచ్చిన ప్రతిదానికీ అవతలివాడు తుపాకీతో జవాబు చెప్పలేడు.

ఇప్పుడు ఆ గీతను వెనక్కి తీసుకెళ్లి 1971 మీద పెట్టండి. ముక్తి వాహినికి మనం చేసిన సాయం, నికరాగువా కొలబద్ద ప్రకారం, పాకిస్తాన్ మీద బలప్రయోగమే. మనసుకు నచ్చకపోయినా అంతే. అయితే దాన్నొక్కటే చూపించి మన మీద యుద్ధానికి దిగే హక్కు కూడా పాకిస్తాన్‌కు రాదు.

నవంబరుకు వచ్చేసరికి ఈ లెక్క మారింది. నవంబరు 20, 21 తేదీల్లో మన దళాలు ట్యాంకులతో సరిహద్దు దాటి, పశ్చిమ బెంగాల్‌లోని బోయ్రాకు ఎదురుగా ఉన్న గరీబ్‌పూర్ దగ్గర పోరాడాయి. 22న అదే ప్రాంతం మీద ఆకాశంలో మన న్యాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్లను కూల్చాయి. ఆత్మరక్షణ కోసమే దాటామని మన ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. పాకిస్తాన్ మాత్రం యుద్ధం అప్పుడే మొదలైందని లెక్కేసింది. ఆ తర్వాత డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, ఆగ్రా లాంటి చోట్ల మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయి. ఆ సాయంత్రం ఇందిరా గాంధీ కలకత్తాలో ఉన్నారు, ఢిల్లీ చేరుకుని అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు.

న్యాయపరంగా చూస్తే ఆ బాంబులు మనకు పెద్ద మేలు చేశాయి. నెలల తరబడి మూసి ఉన్న రెండో తలుపును పాకిస్తానే తెరిచింది. ఇప్పుడు సాయుధ దాడి జరిగింది, తేదీ ఉంది, ఊళ్ల పేర్లు ఉన్నాయి. పాకిస్తాన్ ఏమంది? మీరు నవంబరులోనే మా భూమి మీదకు వచ్చారు, మేం చేసింది ఆత్మరక్షణ అంది. ఇద్దరూ ఆర్టికల్ 51నే పట్టుకున్నారు. చరిత్రలో దాదాపు ప్రతి యుద్ధంలోనూ ఇంతే, నేను దురాక్రమణ చేస్తున్నానని ఏ దేశమూ రాసివ్వదు. కాబట్టి మీరు చూడాల్సింది ఎవరు ఆ మాట వాడారన్నది కాదు, ఏ తేదీన జరిగిన ఏ దాడిని చూపిస్తున్నారన్నది, ఆ దాడిని ఆపడానికి చేసిన పని ఎంతవరకు అవసరమన్నది.

అవసరం, దామాషా, అంటే దాడికి తగ్గ మేరకే బలం. ఈ రెండు షరతులు చార్టర్‌లో రాసి లేవు, ఆచార చట్టం నుంచి వచ్చాయి. 1837లో బ్రిటిష్ వాళ్లు కరొలైన్ అనే ఓడను అమెరికా వైపు ఒడ్డున పట్టుకుని, తగలబెట్టి నయాగరాలో వదిలేశారు, కెనడా తిరుగుబాటుదారులకు సామాను మోస్తోందని. దాని మీద నడిచిన ఉత్తరాల్లో అమెరికా విదేశాంగ మంత్రి వెబ్‌స్టర్ రాసిందే ఇవాళ్టికీ చెబుతారు: అవసరం తక్షణమైనదై ఉండాలి, వేరే దారి ఎంచుకునే వీలు, ఆలోచించుకునే క్షణం కూడా మిగలనంతగా ఉండాలి.

మరి పశ్చిమాన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు పడితే తూర్పున ఢాకా దాకా వెళ్లడం దామాషానా? ఈ ప్రశ్న అడిగితే మనలో చాలామందికి కోపం వస్తుంది, నేను చాలా చోట్ల చూశాను. మన వైపు జవాబు ఉంది. యుద్ధం ఒకే దేశంతో, దాని సైన్యం రెండు వైపులా ఉంది, ఒక వైపు సైన్యాన్ని వదిలేస్తే ముప్పు తీరదు. ఈ జవాబుకు బలం లేకపోలేదు. కానీ దాడిని తిప్పికొట్టడం ఒకటి, ఆ భూభాగంలో కొత్త దేశం ఏర్పడే దాకా పోవడం ఒకటి. డిసెంబరు 6న మనం బంగ్లాదేశ్‌ను గుర్తించాం, 16న ఢాకాలో లొంగుబాటు. నా అభిప్రాయం చెబుతా, ఒప్పుకోకపోతే వాదించండి: ఆత్మరక్షణ వాదన మనల్ని సగానికి పైగా దారి నడిపిస్తుంది, చివరిదాకా నడిపించదు. మిగతా దారి మనం నడిచింది కోటి మంది శరణార్థుల కోసం, అక్కడ చస్తున్నవాళ్ల కోసం, ఇంకా, దాపరికం ఎందుకు, పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకు లాభం కాబట్టి.

మండలిలో కూడా సమర్ సేన్ ఆ మానవతా మాట ఎత్తారు. తూర్పు బెంగాల్ ప్రజలను వాళ్లు పడుతున్న బాధ నుంచి కాపాడటమే మా ఉద్దేశం, ఇందులో మా మనసు నిర్మలం అన్నారు. బలం వాడిన దేశం ఆ రకంగా నోరు విప్పి చెప్పడం చాలా అరుదు, అందుకే అంతర్జాతీయ చట్టం పుస్తకాల్లో మన పేరు ఇప్పటికీ కనిపిస్తుంది.

వింటున్నవాళ్లు ఏం చేశారు? డిసెంబరు 4న మండలి కూర్చుంది. కాల్పులు ఆపి సైన్యాలు వెనక్కి పోవాలని అమెరికా తీర్మానం పెట్టింది, పెట్టింది ఎవరో కాదు, తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్, అప్పట్లో ఆయన అక్కడ రాయబారి. 11 ఓట్లు అనుకూలం, సోవియట్ యూనియన్, పోలండ్ వ్యతిరేకం, బ్రిటన్, ఫ్రాన్స్ తటస్థం. సోవియట్ వీటోతో పడిపోయింది. ఆ తర్వాత రోజుల్లో మళ్లీ వీటోలు. మండలి ముడిపడిపోవడంతో విషయం సర్వసభ్య సభకు వెళ్లింది, అక్కడ వీటో లేదు, ఒక్కో దేశానికి ఒక్కో ఓటు. డిసెంబరు 7న ఓటింగ్. కాల్పుల విరమణ, సైన్యాల ఉపసంహరణ కోరుతూ పెట్టిన తీర్మానానికి 104 దేశాలు అనుకూలం, 11 వ్యతిరేకం, 10 తటస్థం. ఆ పదకొండులో మనం, భూటాన్, మిగతా సోవియట్ శిబిరం. మన అలీనోద్యమ మిత్రుడు యుగోస్లావియా కూడా ఆ 104 వైపే ఓటేసింది.

ఆ 104 దేశాలకు ఢాకాలో ఏం జరుగుతోందో తెలియదా? తెలుసు. మరి ఎందుకలా ఓటేశాయి? చాలా ఆఫ్రికా, ఆసియా దేశాలు అప్పుడే స్వాతంత్ర్యం తెచ్చుకున్నవి, ప్రతి ఒక్కదానిలో ఏదో ఒక మూల వేరుపడాలనే జాతి ఉంది, నైజీరియాలో బియాఫ్రా యుద్ధం ముగిసి రెండేళ్లు కాలేదు. పక్కవాడు జనాన్ని కాపాడతానని లోపలికి రావచ్చనే రూలు పుడితే, అది తమ ఇంటి తలుపు కూడా తడుతుందని వాళ్ల భయం. ఆచార చట్టం ఎలా పుడుతుందో మీరు చదివారు, దేశాల ఆచరణ, అది చట్టమే అన్న నమ్మకం, రెండూ ఉండాలి. ఆచరణ మనం చేసి చూపించాం. నమ్మకం దగ్గర 104 దేశాలు వద్దన్నాయి.

తర్వాత వచ్చినవాళ్లు కూడా ఆ పాఠమే నేర్చుకున్నారు. 1979 మొదట్లో వియత్నాం సైన్యం కంబోడియా నియంత పోల్ పాట్‌ను దించింది, అదే ఏడాది టాంజానియా ఉగాండా నియంత ఇదీ అమీన్‌ను దించింది. ఇద్దరు హంతకులనూ దించినవాళ్లే, అయినా రెండు దేశాలూ మానవతా హక్కు అనలేదు, సరిహద్దు దాడులు చూపించి ఆత్మరక్షణ అన్నాయి. పోల్ పాట్ మనుషులకు ఐరాసలో కంబోడియా సీటు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దక్కింది. సిగ్గుచేటు అంటే అదీ.

ఇప్పుడు నాకు బాగా నచ్చే భాగం. 1999 మార్చి 24న నాటో మండలి అనుమతి లేకుండా యుగోస్లావియా మీద బాంబింగ్ మొదలుపెట్టింది, కొసావో అల్బేనియన్లను కాపాడతామని. 78 రోజులు సాగింది. రెండు రోజులకే దాన్ని ఆపాలని మండలిలో ఒక ముసాయిదా వచ్చింది. పెట్టింది రష్యా, బెలారస్, ఇంకా ఇండియా. అవును, మనమే. చార్టర్ ఉల్లంఘన అన్నాం. ముసాయిదా 3–12తో ఓడిపోయింది. ఏప్రిల్ చివర యుగోస్లావియా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, మేలో అక్కడ బెల్జియం లేచి, మానవతా జోక్యానికి ముందు ఉదాహరణలు ఉన్నాయి అని చెప్పింది. మొదటి ఉదాహరణ ఏదో తెలుసా? తూర్పు పాకిస్తాన్‌లో ఇండియా! (నవ్వులు) అంటే న్యూయార్క్‌లో మనం ఆ హక్కు లేదంటున్నాం, హేగ్‌లో వాళ్లు మనల్నే చూపించి ఉందంటున్నారు.

దీన్ని ద్వంద్వనీతి అని కొట్టిపారేయొచ్చు, కొంత నిజం కూడా. కానీ నాకు ఇందులో ఒక పొంతన కనిపిస్తుంది. 1971లో కూడా మనం మానవతా కారణం చెప్పాం గానీ, పట్టుకుని నిలబడింది ఆత్మరక్షణ మీదే. ఒక అసాధారణ పరిస్థితిలో తప్పనిసరై చేశాం, అర్థం చేసుకోండి అని అడగడం వేరు, ఇది మా హక్కు, అందరికీ ఉంది అని రూలు తయారుచేయడం వేరు. హత్య కేసులో శిక్ష తగ్గించమని అడిగే లాయరు, హత్యను చట్టబద్ధం చేయమని అడగడు. కొసావో మీద వేసిన స్వతంత్ర కమిషన్ కూడా 2000లో ఇలాంటి మాటే అంది: చట్టవిరుద్ధం, కానీ న్యాయసమ్మతం. అదే ఏడాది హవానాలో సమావేశమైన వర్ధమాన దేశాలు మానవతా జోక్య హక్కు అనేదానికి చార్టర్‌లో ఆధారమే లేదని తేల్చేశాయి. 2005 ప్రపంచ శిఖరాగ్ర సభ 'రక్షించే బాధ్యత'ను ఒప్పుకుంది, అయితే బలం వాడాలంటే భద్రతా మండలి ద్వారానే అని రాసుకుంది. అంటే తిరిగి అదే స్టేషన్‌కు.

మండలి అనుమతి ఉన్నా చిక్కులు పోవు. 2011 మార్చి 17న లిబియా మీద 1973వ తీర్మానం, పౌరులను కాపాడటానికి బలం వాడొచ్చు అని, పది ఓట్లతో నెగ్గింది, మనతో కలిపి అయిదుగురు తటస్థం. పౌర రక్షణ అని మొదలైంది గడాఫీ పతనంతో ముగిసింది. ఆ ఏడాది అక్టోబరులో సిరియా తీర్మానం వచ్చేసరికి రష్యా, చైనా వీటో వేశాయి, లిబియాలో మమ్మల్ని మోసం చేశారు అన్న కోపం అందులో ఉంది. ఆ కోపానికి వెల కట్టింది సిరియా జనం.

చివర కూర్చున్న అమ్మాయి చీటీ పంపింది. "సార్, రేపు మళ్లీ పక్కనే తూర్పు బెంగాల్ లాంటిది జరిగితే, వీటో అడ్డమైతే, మీరు న్యాయ సలహాదారు అయితే ఏం రాస్తారు?" మంచి ప్రశ్నమ్మా.

ఫైలు మీద నేను రాసేది ఇది: హక్కు లేదు. మండలి గడప తొక్కండి, అక్కడ వీటో పడితే సర్వసభ్య సభకు వెళ్లండి, అక్కడ వచ్చే ఓట్ల సంఖ్య రేపు మనకు రక్ష. ఆ తర్వాత కూడా ప్రభుత్వం వెళ్లాలనే నిర్ణయిస్తే, అది రాజకీయ నిర్ణయం, చట్టం పేరు దానికి తగిలించొద్దు. కానీ వెళ్లిన తర్వాత ఎలా నడుచుకున్నారన్నది చాలా తేడా తెస్తుంది. 1971లో ఢాకా లొంగిన మర్నాడే పశ్చిమాన మనంతట మనమే కాల్పులు ఆపాం. బంగ్లాదేశ్‌లో సెంటు భూమి ఉంచుకోలేదు, 1972 మార్చికల్లా సైన్యం వెనక్కి వచ్చేసింది. శరణార్థుల్లో అత్యధికులు తిరిగి వెళ్లారు. ఆ 104 దేశాల్లో చాలావరకు కొద్ది కాలంలోనే బంగ్లాదేశ్‌ను గుర్తించాయి. చైనా 1972లో దాని ఐరాస సభ్యత్వాన్ని వీటో చేసింది, 1974 ఫిబ్రవరిలో పాకిస్తానే గుర్తించింది, ఆ సెప్టెంబరులో సభ్యత్వం వచ్చింది. మనం చేసింది చట్టబద్ధమని ఏ తీర్మానమూ అనలేదు, మన మీద ఆంక్షలు పెట్టాలని కూడా ఎవరూ రాలేదు.